జాయిన్ అయ్యే ముందు ఆ ప్లాన్‌ని ఎలా లెక్కేసి చూడాలి

ఫోన్ చేసేది ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు కాదు. పిన్ని కొడుకో, కాలేజీలో కలిసి చదివినవాడో, మీ పిల్లలకు ట్యూషన్ చెప్పిన టీచరమ్మో చేస్తారు. "ఆదివారం ఖాళీయేనా, ఒక మంచి విషయం ఉంది, ఫోన్‌లో చెబితే అర్థం కాదు, ఒకసారి అనంతపురం రా" అంటారు. వెళ్తే అక్కడొక హాలు, కోటు వేసుకున్న ఒకాయన, తెర మీద కార్ల ఫోటోలు, మధ్య మధ్యలో చప్పట్లు. డబ్బు కట్టి చేరి, మన కింద ఇంకొందరిని చేర్పిస్తే కమీషన్ వస్తుందనే గొలుసుకట్టు ప్లాన్ అది. బయటికొచ్చేసరికి పన్నెండు వేలు ఎక్కడ సర్దుబాటు చేయాలా అని ఆలోచిస్తుంటారు.

నేను అనంతపురంలో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాస్తాను. రెండేళ్ల కింద మా వదిన (తాడిపత్రి దగ్గర పల్లెలో ఉంటుంది) డ్వాక్రా లోన్‌లో వచ్చిన డబ్బులో 24,000 పెట్టి ఇలాంటి ఒక కంపెనీలో రెండు ఐడీలు, అంటే రెండు సభ్యత్వాలు, తీసుకుంది, ఒకటి తన పేరున, ఇంకొకటి మా అన్న పేరున. అప్పటికే తన గ్రూపులో ఇద్దరిని చేర్పించింది కూడా. ఆ తర్వాత నాకు ఫోన్ చేసి "ఏం అబ్బీ, నువ్వు కూడా నా కింద ఒక ఐడీ తీసుకో, రైట్ సైడ్ ఖాళీగా ఉంది" అంది. ఆ రోజు ఆమె నాకు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ కాగితాన్ని ఎలా చదివానో అదే వరుసలో మీకు చెప్తాను, మీ చేతిలో ఉన్న కాగితానికీ అలాగే చేసి చూడండి, ఒక పెన్ను, ఒక తెల్ల కాగితం చాలు.

ముందు ప్లాన్‌ని చేతిలోకి తెచ్చుకోండి

హాల్లో కూర్చుని ఏదీ తేల్చుకోవద్దు. "సరే, ప్లాన్ పంపండి, ఇంట్లో చూసి చెప్తా" అనండి. తెర మీద చూపించిన పేజీలను ఫోటో తీసుకోనివ్వకపోతే, ప్లాన్ రాతపూర్వకంగా ఇవ్వమంటే "అది లీడర్ నోటితోనే చెప్పాలి" అంటే, ఇంక మిగతావి చదవాల్సిన పని కూడా లేదు, అక్కడే ఆగిపోండి.

కాగితం వచ్చాక అందులో నాలుగు అంకెలు వెతకండి. చేరడానికి ఎంత కట్టాలి (ప్యాకేజీ అంటారు, కిట్ అంటారు, పేరు ఏదైనా ఒకటే). మీరు స్వయంగా ఒకరిని చేర్పిస్తే ఎంత. మీ కింద ఎడమ ఒకరు, కుడి ఒకరు పడి జత కుదిరితే ఎంత. వచ్చిన దాంట్లో కంపెనీ ఎంత కోసుకుంటుంది. మా వదిన కాగితంలో ఇవి ఇలా ఉన్నాయి: ప్యాకేజీ 12,000, డైరెక్ట్ బోనస్ మనిషికి 1,000, పెయిర్‌కు 2,000, అడ్మిన్ ఛార్జీల పేరుతో పదో వంతు కోత.

ఇప్పుడు ఒక పని చేయండి. ఆ కాగితంలో కొత్త మనిషి చేరితే వచ్చే ఆదాయాలన్నీ పెన్నుతో కొట్టేయండి. డైరెక్ట్ బోనస్ కొట్టేయండి, పెయిర్ కొట్టేయండి, ర్యాంక్ వస్తే ఇచ్చే బైక్, గోవా ట్రిప్పు కూడా కొట్టేయండి, ఎందుకంటే ర్యాంక్ కూడా కింద ఎంతమంది పడ్డారన్న దాన్ని బట్టే. ఏం మిగిలింది? మా వదిన కాగితంలో మిగిలింది "ప్రొడక్ట్ అమ్మితే రిటైల్ మార్జిన్" అన్న ఒక్క లైను, దాని పక్కన ఎంతో కూడా రాయలేదు. నిజంగా సరుకు అమ్ముకునే కంపెనీ అయితే ఆ లైనే కాగితం నిండా ఉండాలి. ఏ సరుకు ఎంతకు వస్తుంది, ఎంతకు అమ్మాలి, డబ్బాకు మీకు మిగిలేది ఎంత, అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకుంటారా, ఇవి ఉండాలి.

పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే కింద ఎంతమంది ఉండాలి

లీడర్లు ఎప్పుడూ పై నుంచి కిందికి చెప్తారు: నువ్వు ఇద్దరిని చేర్పించు, వాళ్లు చెరి ఇద్దరిని, అంతే. మీరు మీ జేబు నుంచి మొదలుపెట్టి లెక్కేయండి.

మీరు ఇద్దరిని చేర్పించారు. డైరెక్ట్ బోనస్ 2,000, కోత పోగా 1,800. వాళ్లిద్దరూ చెరోవైపు పడ్డారు కాబట్టి ఒక పెయిర్, అది 2,000, కోత పోగా 1,800. మొత్తం 3,600 చేతికొచ్చాయి. పెట్టింది 12,000. ఇంకా 8,400 నష్టంలోనే ఉన్నారు. ఆ ఇద్దరూ చెరి ఇద్దరిని తెస్తే మీ కింద ఆరుగురు, అంటే మూడు పెయిర్లు, మీకు మొత్తం 7,200. ఇప్పటికీ నష్టమే. ఆ నలుగురూ మళ్లీ తలా ఇద్దరిని తెచ్చి మీ కింద పద్నాలుగు మంది అయితే ఏడు పెయిర్లు, మొత్తం 14,400. అప్పుడు మొదటిసారి మీ డబ్బు మీకొచ్చి పైన 2,400 మిగిలింది. అంటే మీ కింద మూడు వరసలు నిండితే తప్ప పెట్టుబడి రాదు.

ఇక్కడే అసలు విషయం ఉంది, నిదానంగా చూడండి. మీకు మూడు వరసలు కావాలి, మీ కింద ఉన్న ప్రతి ఒక్కరికీ కూడా వాళ్ల కింద మూడు వరసలు కావాలి. ఈ గొలుసు ఎప్పుడు, ఏ రోజు ఆగినా, అన్నిటికన్నా కిందున్న మూడు వరసల వాళ్లు నష్టంలోనే ఉంటారు. అది వాళ్లు కష్టపడలేదని కాదు, వాళ్ల కింద వరసలు లేవు కాబట్టి.

ఆ మూడు వరసల్లో ఎంతమంది ఉంటారో చూద్దాం. పైన ఒక్కడితో మొదలుపెట్టి పది వరసలు పూర్తిగా నిండాయనుకోండి, ఎవరూ ఫెయిల్ కాలేదు, అందరూ చెప్పినట్టే ఇద్దరిద్దరిని తెచ్చారు. మొత్తం 1,023 మంది. చివరి మూడు వరసల్లో 128, 256, 512, అంటే 896 మంది. 1,023లో 896 మంది నష్టపోయారు, 127 మందికి మాత్రమే పెట్టినదానికన్నా ఎక్కువ వచ్చింది. ఇది ప్లాన్ ఫెయిలైతే జరిగేది కాదు, ప్లాన్ నూటికి నూరు పాళ్లు లీడర్ చెప్పినట్టే నడిస్తే జరిగేది. ఇంకో పది వరసలు కలిపినా అంతే, ఎనిమిది మందిలో ఏడుగురు ఎప్పుడూ కింది మూడు వరసల్లోనే ఉంటారు. మా వదినకు ఈ బొమ్మ కాగితం మీద గీసి చూపించినప్పుడు ఆమె అడిగిన మొదటి మాట, "అయితే నేను చేర్పించిన లక్ష్మీదేవక్క, ఆ ఇంకొకామె, వాళ్లు ఏ వరసలో ఉన్నారు?" అని. వాళ్లు అన్నిటికన్నా కింద ఉన్నారు.

"జనానికేం కొదవ, మన దేశంలో జనాభా ఎంత" అంటారు మీటింగుల్లో. ఒక్కరితో మొదలై ఇద్దరిద్దరు చొప్పున పెరిగితే, పంతొమ్మిదో వరస దగ్గర ఆ ఒక్క వరసలోనే కొత్తగా 2,62,144 మంది చేరాలి. 2011 జనాభా లెక్కల్లో అనంతపురం ఊరు మొత్తం కలిపినా రెండున్నర లక్షల పైచిలుకే, అందులో చంటిపిల్లలు, ముసలివాళ్లు కూడా ఉన్నారు. ఆ తర్వాతి వరసకు అలాంటి ఊర్లు ఇంకో రెండు కావాలి.

నిజంలో అయితే రెండు వైపులా సమానంగా నిండడం కూడా ఉండదు. "మీ లెఫ్ట్‌లో ఇప్పటికే నలభై మంది ఉన్నారు, మీ పైనున్న అప్‌లైన్ ఫ్రీగా వేశాడు, రైట్ ఒక్కటి మీరు చూసుకుంటే చాలు" అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ డబ్బు వచ్చేది జతకు. ఎడమ నలభై, కుడి ఇద్దరు ఉంటే జతలు రెండే, మిగతా ముప్పై ఎనిమిది మంది వల్ల మీకు పైసా రాదు. పైగా ఆ నలభై మంది మీ పైవాడికి కూడా, ఆయన పైవాడికి కూడా ఒక వైపు లెక్కలో పడుతూనే ఉంటారు. మా వదిన ఖాళీగా ఉందన్న ఆ రైట్ సైడ్ ఇదే, దాన్ని నింపడానికే నాకు ఫోన్ వచ్చింది, నేను కాదంటే ఇంకో తోడికోడలికి వెళ్లేది.

సరుకును వేరు చేసి చూడండి

"మాది గొలుసుకట్టు కాదు, మాకు ప్రొడక్ట్ ఉంది" అన్న మాట ప్రతిచోటా వినిపిస్తుంది. అందుకే ఆ ప్రొడక్ట్‌ని విడిగా చూడాలి. కిట్‌లో ఏమేమున్నాయో ఒక్కొక్కటి రాసుకోండి, బరువు, డబ్బా వెనక ఉన్న పదార్థాలు చూడండి, అదే రకం సరుకు మీ ఊరి మెడికల్ షాపులోనో కిరాణాలోనో ఎంతో కనుక్కోండి. మా వదిన కిట్‌లో ప్రొటీన్ పౌడర్ డబ్బా, ఏదో ఆకుల రసం సీసాలు రెండు, టీ పొడి, నాలుగు సబ్బులు ఉన్నాయి. నేను తాడిపత్రిలో రెండు షాపులు తిరిగి అడిగితే అలాంటివే అన్నీ కలిపి మూడు వేల చుట్టుపక్కల తేలాయి. మరి మిగతా తొమ్మిది వేలు దేనికి? పైనున్నవాళ్ల బోనస్‌లకు. కట్టినప్పుడే ఆ డబ్బు పైకి వెళ్లిపోయింది. పోనీ ఆ మూడు వేల సరుకు ఇంట్లో వాడుకున్నామని లాభం కింద వేసుకున్నా, పైన చెప్పిన కింది మూడు వరసల వాళ్లెవరూ నష్టం నుంచి బయటపడరు, కావాలంటే కలిపి చూడండి.

తర్వాత ఆ డబ్బాను, ఐడీ వద్దు, చేరడం వద్దు, ఊరికే కొంటారా అని ఐదుగురిని అడగండి. మీ మీద మొహమాటం లేనివాళ్లను అడగండి, బంధువులను కాదు. చేరకుండా కేవలం వాడకం కోసం ఆ ధరకు కొనేవాళ్లు ఉంటే అది వ్యాపారమే. నేను చూసినంతలో ఇక్కడే అన్నీ తేలిపోతాయి. డబ్బా కొన్నవాళ్లంతా ఐడీ కోసం కొన్నవాళ్లే అయితే, అమ్ముతున్నది డబ్బాను కాదు, చోటును. మీ అప్‌లైన్‌ని కూడా ఇదే అడగండి: "పోయిన నెల ఐడీ లేనివాళ్లకు నువ్వు ఎంత అమ్మావు, బిల్లులు చూపించు" అని.

కొన్ని ప్లాన్లలో నెలనెలా రీపర్చేజ్ ఉంటుంది, ఇంత సరుకు కొనకపోతే ఐడీ యాక్టివ్‌గా ఉండదు, వచ్చిన పెయిర్లు కూడా కొట్టుకుపోతాయి. దీన్ని కంపెనీ "సేల్స్" అని లెక్కేసుకుంటుంది, నిజానికి అది మీరు నెలనెలా కట్టే చీటీ లాంటిది. చీటీలో అయితే ఎప్పుడో ఒకప్పుడు మీ పాట మీకొస్తుంది, ఇందులో అదీ లేదు.

సర్టిఫికెట్లు, చట్టం

హాల్లో గోడకు కట్టిన సర్టిఫికెట్లను చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. కంపెనీ రిజిస్ట్రేషన్ అంటే ఆ పేరుతో ఒక కంపెనీ ఉందని. జీఎస్టీ నంబర్ అంటే పన్ను కట్టడానికి పేరు నమోదు చేసుకున్నారని. డబ్బా మీద ఫుడ్ లైసెన్స్ నంబర్ ఉంటే అది తినే వస్తువుకు సంబంధించినది. వీటిలో ఒక్కటి కూడా మీ చేతిలో ఉన్న ప్లాన్ సరైనదని చెప్పదు. రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉందని ఎవరైనా అంటే, ఇలాంటి ప్లాన్లకు రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఇవ్వదు, ఆ మాట అన్నవాడి మిగతా మాటలు కూడా నమ్మొద్దు.

చట్టం వైపు మీరు రెండు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. 1978లో వచ్చిన ప్రైజ్ చిట్స్ అండ్ మనీ సర్క్యులేషన్ స్కీమ్స్ నిషేధ చట్టం ప్రకారం, మనుషులను చేర్పించడాన్ని బట్టి డబ్బు ఇస్తామని చెప్పి డబ్బు తీసుకునే స్కీమ్ నేరం, దాన్ని నడిపినవాళ్లకే కాదు, అందులోకి మనుషులను చేర్చినవాళ్లకు కూడా వర్తిస్తుంది, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. రెండోది, 2021 డిసెంబర్‌లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్. సరుకును మనుషుల ద్వారా నేరుగా అమ్ముకోవడం తప్పు కాదు, కానీ పిరమిడ్ స్కీమ్ నడపకూడదు, కంపెనీ రాతపూర్వకంగా అగ్రిమెంట్ ఇవ్వాలి, అందులో పెనాల్టీ లేకుండా వెనక్కి తగ్గే గడువు ఉండాలి.

"ప్రొడక్ట్ ఉంటే చట్టం అంటదు" అన్న మాటకు మన ప్రాంతంలోనే జవాబు ఉంది. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్‌వే కేసులో, సరుకు ఉన్నా సరే, చేరికల మీద కమీషన్ నడిచే ఆ పద్ధతి ప్రాథమికంగా చూస్తే 1978 చట్టం కిందికే వస్తుందని చెప్పింది. 2014 మేలో ఆ కంపెనీ ఇండియా సీఈఓను అరెస్టు చేసింది కర్నూలు పోలీసులు. తమది చట్టబద్ధమైన డైరెక్ట్ సెల్లింగే అని ఆ కంపెనీ వాదిస్తూ వచ్చింది. నేను చెప్పేదల్లా ఇదొక్కటే: అంత పెద్ద కంపెనీకే తప్పని ప్రశ్న, మొన్న మొన్న పెట్టిన కంపెనీలో మీ చేత పదిమందిని చేర్పిస్తున్నవాడికి తప్పదు, ఆ పదిమందికీ సంతకం పెట్టించిన మీకూ తప్పదు.

సంపాదిస్తున్నా అన్నవాడి లెక్క అడగండి

బ్యాంక్ మెసేజ్ స్క్రీన్‌షాట్లు చూపిస్తారు, అది ఒక రోజు సంగతి. ఏడాది లెక్క అడగండి. కంపెనీ కమీషన్ మీద టీడీఎస్ పట్టుకుంటే, ఏడాదిలో ఎంత కమీషన్ వచ్చిందో ఆయన పాన్ మీద ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో లాగిన్ అయి రెండు నిమిషాల్లో తీసి చూపించొచ్చు. దాంట్లోంచి ఆయన కొన్న ప్యాకేజీలు, నెలనెలా కొన్న సరుకు, హాలు అద్దెలు, సెమినార్ టికెట్లు, పెట్రోలు తీసేయమనండి. మా వదినను చేర్పించినాయన మా దూరపు బంధువే, మర్యాదగానే అడిగాను, "మామా, తప్పుగా అనుకోవద్దు, ఒక్కసారి పోయినేడు 26ఏఎస్ చూపిస్తే నేనూ చేరతా" అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, మూడు ఐడీలకు పెట్టిన ముప్పై ఆరు వేలలో వచ్చింది పద్దెనిమిది వేలని, భార్య గొలుసు ఇంకా తాకట్టులోనే ఉందని. ఆయన మోసగాడు కాదు, తన డబ్బు వెనక్కి లాక్కోవడానికి మాలో ఎవరో ఒకరు కావాల్సి వచ్చిన మనిషి. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇలాంటివాళ్లే, కాబట్టి తిట్టి పంపొద్దు, కానీ డబ్బు కూడా ఇవ్వొద్దు. "నీ కింద చేరను, కావాలంటే నీ దగ్గరున్న సబ్బులు నాలుగు కొంటాను" అనండి, సరుకు అమ్మడమే పని అయితే ఆ మాటకు సంతోషపడాలి.

ఇప్పటికే చేరి ఉంటే

మొదట, ఇంకొకరిని చేర్పించడం ఆపేయండి. "ఇంకో ఇద్దరిని తెస్తే నీ డబ్బు నీకొస్తుంది" అన్న మాటకు లొంగితే మీ నష్టం ఇంకో ఇద్దరి ఇంటికి పోతుంది, చట్టం ముందు మీ పరిస్థితి కూడా పాడవుతుంది.

కిట్ విప్పకపోతే విప్పొద్దు. అగ్రిమెంట్‌లో వెనక్కి తగ్గే గడువు ఎన్ని రోజులో చూసి, ఆ లోపలే కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం, అదే ఈమెయిల్‌లో ఇంకొకటి పంపండి: ఐడీ నంబర్, కట్టిన తేదీ, మొత్తం, యూపీఐ లావాదేవీ నంబర్, సరుకు సీల్‌తో ఉంది వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వండి అని. డబ్బు చేతికి ఇచ్చి ఉంటే, ఎవరికి ఇచ్చారో ఆయనకు వాట్సాప్‌లో "ఫలానా రోజు మీకు ఇచ్చిన 12,000 సంగతి ఏం చేశారు" అని మెసేజ్ పెట్టండి, ఆయన జవాబే మీకు రసీదు. గ్రూపులోంచి తీసేసే లోపలే మెసేజ్‌లు, ప్లాన్ ఫోటోలు, మీటింగ్ వాయిస్‌లు దాచుకోండి.

కంపెనీ స్పందించకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల దాకా కేసుకు ఫీజు కూడా లేదు. పోలీసు ఫిర్యాదులో "నాకు డబ్బు రావాలి" అని మాత్రమే రాస్తే అది మీ ఇద్దరి మధ్య బాకీ గొడవ అంటారు. చేరికల మీద కమీషన్ ఇస్తామని చెప్పి డబ్బు తీసుకున్నారని రాయండి, 1978 చట్టం పేరు రాయండి, ప్లాన్ కాగితం జతచేయండి, మీ వరసలో నష్టపోయినవాళ్లు ఐదారుగురు కలిసి సంతకం పెట్టండి.

మా వదిన తన కిట్ అప్పటికే విప్పింది, అన్న పేరున ఉన్నది విప్పలేదు. ఉత్తరాలు పంపి, రెండుసార్లు ఫోన్ చేశాక, విప్పని కిట్‌కు కొరియర్ ఛార్జీలు పట్టుకుని 11,200 వెనక్కి వేశారు. విప్పిన దానికి రాలేదు. ఆ 11,200 వచ్చిన రోజు సాయంత్రం ఆమె గ్రూపు మీటింగ్‌లో, తను చేర్పించిన ఇద్దరికీ వాళ్ల మీద తనకు వచ్చిన కమీషన్ మొత్తం, 3,600, చెరి సగం లెక్కపెట్టి చేతిలో పెట్టింది, వాళ్ల కిట్లు వెనక్కి పంపే ఉత్తరాలు కూడా నా చేతే రాయించింది.